కొత్త బ్రాంచి పోస్టు మీ చేత రాయిస్తే

ఏలూరులో బాగా నడుస్తున్న ఒక బట్టల షాపు తాడేపల్లిగూడెంలో రెండో బ్రాంచి తెరుస్తోంది అనుకుందాం. ముహూర్తం పెట్టించారు, బోర్డు ఎక్కింది, సరుకు దిగుతోంది. కొత్త బ్రాంచికి మేనేజరుగా వెళ్లబోయే కుర్రాణ్ని పిలిచి ఓనరుగారు పని అప్పగిస్తారు.

"వాట్సాప్‌లో పెట్టడానికి ఓ పోస్టు రాయవయ్యా. గ్రాండ్ ఓపెనింగ్ అని పెద్దక్షరాలతో వెయ్యి. 99కే చీర, ఫ్లాట్ 50 పర్సెంటు, లక్కీ డ్రాలో స్కూటీ. అడ్రసు బస్టాండు దగ్గర అని పెడితే చాలు."

"అలాగేనండి."

ఈ షాపు నేను ఉదాహరణకి కల్పించిందే. ఆ మాటలు మాత్రం ఏ షాపులోనైనా వినపడేవే. ఓనరుగారు ముహూర్తం రోజు చుట్టాలతో, పంతులుగారితో, వచ్చిన పెద్దమనుషులతో తీరిక లేకుండా ఉంటారు. పోస్టు చూసి వచ్చిన మనిషి "99 చీర ఏదండీ?" అని అడిగేది గుమ్మంలో నిలబడ్డ మేనేజరునే. అందుకని అలాగేనండి అనేసినా, రాయడానికి కూర్చున్నాక ఆ నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటిగా విప్పి చూసుకోవాలి.

ముందు అడ్రసు సంగతి. ఊరి పేరు దగ్గరే తప్పటడుగు పడుతుంది. మన వైపు అందరూ "గూడెం" అంటారు. గూడెం చుట్టుపక్కల వాళ్లకి అది తాడేపల్లిగూడెమే. ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం వాళ్లకు జంగారెడ్డిగూడెం కూడా గూడెమే. ఏలూరు షాపుకి ఆ వైపు ఖాతాదారులు కూడా ఉంటారు కదా, వాళ్ల ఫోన్లకీ ఈ పోస్టు వెళ్తుంది. పోనీ ముందు సగం వాడదామంటే తాడేపల్లి అనేది విజయవాడ పక్కన, గుంటూరు జిల్లాలో ఉన్న వేరే ఊరు. మ్యాపులో సగం పేరు కొట్టిన మనిషి ప్రకాశం బరాజు వైపు తేలినా ఆశ్చర్యం లేదు. కాబట్టి పోస్టులో ఒక్కసారైనా "తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా" అని పూర్తిగా ఉండాలి.

జిల్లా పేరు కూడా చూసుకుని రాయాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఏలూరు సొంతంగా ఒక జిల్లా కేంద్రమైంది. పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు వచ్చి ఏలూరు జిల్లాలో కలిసింది. షాపులో పాత లెటర్‌హెడ్డు, పాత బిల్లుబుక్కు చూసి అడ్రసు ఎత్తి రాసేస్తే "ఏలూరు, ప.గో.జిల్లా" అన్న పాత మాటే కొత్త పోస్టులోకి దిగుతుంది. పిన్‌కోడ్లు మాత్రం జిల్లాలతో పాటు మారలేదు. కైకలూరుది నేటికీ 521333, గూడెంది 534101. సరుకు పంపే పార్సిల్ ఆఫీసు చూసేది ఆ ఆరంకెలే గనక, జిల్లా మారిందని పిన్‌కోడు కూడా మార్చేయకండి.

రోడ్డు నంబరు ఇంకో చిక్కు. ఏలూరు నుంచి గుండుగొలను, భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి పోయే రోడ్డుని పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు హైవే అంటారు. దేశమంతా నంబర్లు మార్చినప్పుడు అది 16 అయింది. ఆ తర్వాత గుండుగొలను దగ్గర చీలి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా పోయే కొత్త రోడ్డు 16 అయింది, గూడెం మీదుగా పోయేది 216ఎ అయింది. ఇప్పుడు పోస్టులో "16వ నంబరు జాతీయ రహదారి మీద" అని రాస్తే, ఏలూరు నుంచి కారులో వచ్చే కొత్తమనిషి గుండుగొలను దగ్గర గూడెం దారి వదిలేసి నేరుగా దేవరపల్లి వైపు సాగిపోతాడు. నంబరు రాయకపోయినా నష్టం లేదు. "ఏలూరు నుంచి వచ్చేవారు గుండుగొలను దగ్గర తాడేపల్లిగూడెం, తణుకు దారిలోకి తిరగాలి" అని ఊళ్ల పేర్లతో చెబితే లారీ డ్రైవరు నుంచి కాలేజీ పిల్లాడి దాకా అందరికీ అర్థమవుతుంది.

ఇక కొండగుర్తు. "బస్టాండు దగ్గర" అన్న ఓనరుగారి మాటలో తప్పు లేదు, అది దారి చూపించదు, అంతే. దగ్గరంటే ఎంత దగ్గర? ఏ వైపు? రియల్ ఎస్టేట్ వాళ్లు కూతవేటు దూరం అని వేసిన చోటికి ఆటో ఎక్కి వెళ్లిన అనుభవం మనవాళ్లందరికీ ఉంది, ఆ మాట ఎవరూ నమ్మరు. బస్టాండు గేటు దగ్గర నిలబడి, సంచులు పట్టుకున్న ఒక పెద్దావిడ నడిచే తీరున షాపు దాకా నడిచి, గడియారం చూసి ఆ నిమిషాలు రాయండి. తిరగాల్సిన ప్రతి మలుపు దగ్గరా బస్సు దిగిన మనిషి కంటికి ఏది ఆనుతుందో అదే గుర్తు.

మంచి గుర్తుకి నాలుగు లక్షణాలుండాలి. కదలకూడదు: టీ బండి, పళ్ల బండి, పక్క షాపు ఫ్లెక్సీ పనికిరావు. చీకటి పడ్డాక కూడా కనపడాలి, ఎందుకంటే బట్టల బేరం సగం సాయంత్రం ఆరు తర్వాతే. ఊళ్లో అది ఒక్కటే ఉండాలి: "సాయిబాబా గుడి పక్కన", "ఏటీఎం ఎదురుగా" అంటే ఏ గుడి, ఏ ఏటీఎం? చివరిది జనం మరిచిపోయేది. వచ్చేవాడు వచ్చే దిక్కు నుంచి అది షాపు కంటే ముందే తగలాలి. షాపు దాటి వంద గజాలు పోయాక కనపడే గుర్తు ఎంత పెద్దదైనా, అప్పటికే బండి ముందుకెళ్లిపోయి ఉంటుంది.

"ఎదురుగా", "కుడివైపు", "ఎడమవైపు" అన్న మాటలు ఎటు నుంచి వస్తున్నారో చెబితేనే పనికొస్తాయి. తణుకు నుంచి వచ్చేవాడికి ఎడమ పక్కన ఉన్నది ఏలూరు నుంచి వచ్చేవాడికి కుడి పక్కన ఉంటుంది. అందుకని ఒకే దారి చెప్పి ఊరుకోకుండా, మీ ఖాతాదారులు వచ్చే రెండు మూడు దిక్కుల నుంచి విడివిడిగా ఒక్కో వాక్యం రాయాలి. గూడెం బ్రాంచికి ఆ దిక్కులేవో ఊహించడం కష్టం కాదు: ఏలూరు–భీమడోలు వైపు, తణుకు వైపు, భీమవరం వైపు, కొల్లేరు అంచున నిడమర్రు వైపు. వీళ్లుగాక రైలు దిగి వచ్చేవాళ్లు.

ఊరి గుర్తులు ఊరివాళ్లకి తెలిసినంతగా రాసేవాడికి తెలియవు. రాయడానికి ముందు బస్టాండు బయటున్న ఆటోస్టాండుకి వెళ్లి, "షాపు ఫలానా చోట పెడుతున్నామండి, అక్కడికి రావాలంటే మీకు ఏమని చెప్పాలి?" అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. వాళ్లు చెప్పే పేరు కాగితం మీది పేరు కాకపోవచ్చు. మున్సిపాలిటీ రికార్డులో ఒక వీధి పేరు, డోరు నంబరు ఉంటాయి. జనం నోట్లో ఇంకో సెంటరు పేరుంటుంది. పోస్టులో రెండూ ఉండాలి. పార్సిల్ వాడికి మొదటిది, పట్టుచీర కొనడానికొచ్చే పిన్నిగారికి రెండోది. ఇదే వరసలో ఇంకొక్క పని. బిల్లు మీద, జీఎస్టీ రిజిస్ట్రేషనులో, పోస్టులో డోరు నంబరు ఒకటే అయ్యుండాలి. ఒకే రాష్ట్రంలో రెండో బ్రాంచికి కొత్త జీఎస్టీ నంబరు అక్కర్లేదు. ఉన్న రిజిస్ట్రేషనులోనే అదనపు వ్యాపార స్థలంగా 15 రోజుల్లోపల చేర్పిస్తే చాలు. అది ఆడిటరుగారి పని. ఆయన పెట్టిన అడ్రసు తెప్పించుకుని సరిచూసుకోవడం మీ పని.

ఇదే సంగతి తిరగేసి చూస్తే, అంటే గూడెం షాపు ఏలూరులో బ్రాంచి తెరుస్తుంటే, బస్టాండు అన్న మాట మరింత మోసం చేస్తుంది. ఏలూరులో కొత్త బస్టాండు, పాత బస్టాండు రెండున్నాయి. స్టేషన్లూ రెండు, ఏలూరు, పవర్‌పేట. ఊరి మధ్యనుంచి కాలువ పోతుంది. వన్‌టౌన్, టూటౌన్ అన్న తేడా ఏలూరువాళ్లు పుట్టుకతో నేర్చుకుంటారు, బయటివాళ్లకి ఎవరూ చెప్పరు. అక్కడ "ఫైర్‌స్టేషన్ సెంటర్ నుంచి" అని మొదలుపెట్టి కాలువ దాటాలా వద్దా అన్నది చెప్పేస్తే సగం దారి చెప్పినట్టే.

కాలువ అంటే మ్యాపు గుర్తుకొస్తుంది. గూగుల్ మ్యాపులో పెట్టే పిన్ను పది గజాలు పక్కకి పడితే మామూలు వీధిలో ఏమీ కాదు. కాలువ గట్టు మీద షాపయితే ఆ పది గజాలే అవతలి గట్టు అవుతుంది. వచ్చినవాడికి షాపు ఎదురుగా కనపడుతూనే ఉంటుంది, చేరాలంటే వంతెన దాకా పోయి తిరిగి రావాలి. పిన్ను ఇంట్లో కూర్చుని పెట్టకండి. షట్టరు ముందు నిలబడి పెట్టి, వేరే ఫోనులో తెరిచి, అది షాపు గుమ్మానికే తెస్తోందా లేదా అని ఒకసారి బండి మీద వచ్చి చూడండి. వాట్సాప్‌లో లొకేషను పంపేటప్పుడు చాలామంది పొరపడేది ఒకటుంది. Share live location నొక్కితే అది మీతో పాటు తిరుగుతుంది, ఎనిమిది గంటలు మించి ఉండదు. మీరు భోజనానికి వెళ్తే ఖాతాదారుడు మీ ఇంటికొస్తాడు. పంపాల్సింది Send your current location, అదీ షాపులో నిలబడి. ఇంకా మంచిది, షాపు పేరుతో గూగుల్‌లో నమోదు చేయించి ఆ లింకు పోస్టు కింద అతికించడం. నమోదులో ప్రారంభ తేదీ ముందుగానే ఇవ్వొచ్చు. ధ్రువీకరణకి కొన్ని రోజులు పట్టొచ్చు కాబట్టి ముహూర్తం ముందురోజు మొదలుపెడితే అందదు.

కొల్లేరు ఊళ్ల సంగతి విడిగా చెప్పాలి. గూడెం షాపుకీ ఏలూరు షాపుకీ కూడా మంచి బేరం అక్కణ్నుంచి వస్తుంది. చెరువు పట్టుబడి అయి డబ్బు చేతికొచ్చిన వారం కొల్లేరు ఇంట్లో బట్టల ఖర్చుకు వెనకాడరు. వాళ్లకి దారి చెప్పడం మ్యాపు చూసి అయ్యే పని కాదు. సరస్సుకి ఉత్తరాన ఏలూరు, భీమడోలు, గూడెం విజయవాడ–రాజమండ్రి మెయిన్ లైను మీదున్నాయి. దక్షిణాన కైకలూరు, ఆకివీడు గుడివాడ–భీమవరం లైను మీదున్నాయి. రెంటి మధ్యా సరస్సు. కైకలూరు మనిషి ఏలూరు రావాలంటే కొల్లేరు మీది రోడ్డున బస్సులోనో బండి మీదో రావాలి. వానాకాలంలో వరద ముంచుకొస్తే ఆ రోడ్డు మీదికే నీరెక్కుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరంతా కొల్లేరుకే చేరింది. బ్రాంచి సెప్టెంబరులో తెరుస్తుంటే ఆ వైపు ఊళ్లకి పంపే పోస్టులో ఆఫరు మూడు రోజులే అని బిగించకండి. "వరద వల్ల రోడ్డు ఆగితే కైకలూరు, మండవల్లి మండలాల వారికి ఆఫరు రాకపోకలు మొదలయ్యాక మూడు రోజులు" అని ఒక వాక్యం చేర్చి, ఓనరుగారి చేత ముందే ఒప్పించండి. లంక గ్రామాల వాళ్లు మాట గుర్తు పెట్టుకుంటారు. చెరువుల మీద పనిచేసేవాళ్లకి తెల్లవారుజామున పట్టుబడులు, లోడింగులు ఉంటాయి. పొద్దున ముహూర్తానికి వాళ్లు రాలేరు, మధ్యాహ్నం మీద వస్తారు. తిరుగు బస్సు ఎప్పటికుందో డిపోలో కనుక్కుని పోస్టులో వేస్తే, ఆ ఒక్క ముక్క కోసమే ఆ పోస్టు ఊరంతా తిరుగుతుంది.

అడ్రసు మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. గుమ్మం దగ్గర గొడవ వచ్చేది ఆఫరు వల్ల.

99 చీరతో మొదలుపెడదాం. షాపుకి ఆ చీర 160 పడింది, ఏలూరు బ్రాంచిలో 299కి అమ్ముతున్నారు అనుకోండి. 99కి ఇస్తే చీరకి 61 రూపాయలు చేతి నుంచి పోతుంది. 300 చీరలు ఇస్తే 18,300. అది ప్రకటన ఖర్చు కింద రాసుకుంటానని ఓనరుగారంటే ఆ ఆఫరు నిజమైన ఆఫరే, అందులో మోసం లేదు. తేడా వచ్చేది 300 అన్న అంకె పోస్టులో లేకపోవడం వల్ల. అంకె లేని పోస్టు వెయ్యిమందిని రప్పిస్తుంది. ఏడొందల మంది ఉత్త చేతులతో పోతారు. పోతూ ఊరుకోరు.

2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక షాపింగ్ మాల్ పది రూపాయలకే చీర అంది. ఆడవాళ్లు వందల్లో వచ్చిపడ్డారు, తోపులాట జరిగింది, కొందరికి దెబ్బలు తగిలాయి, మెడలో గొలుసులు, డబ్బు పోయాయని కూడా కొందరు చెప్పారు. పది రూపాయల చీర కోసం వచ్చి బంగారం పోగొట్టుకున్న ఇంట్లో ఆ షాపు పేరు ఎలా తలుచుకుంటారో చెప్పక్కర్లేదు.

చట్టం కూడా దీని గురించి సూటిగా మాట్లాడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్రం 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో ఎర ప్రకటన గురించి ప్రత్యేకంగా ఉంది. చెప్పిన ధరకి అమ్మే అవకాశం లేకుండా ఆశపెట్టి రప్పించకూడదు, వచ్చేవాళ్లకి సరిపడా సరుకుండాలి, సరుకు పరిమితమైతే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. ఇంకోటి, ఆఫరు ఏ భాషలో వేశారో షరతు కూడా అదే భాషలో, స్పష్టంగా కనపడేలా వెయ్యాలి. తెలుగులో పెద్దక్షరాలతో ఆఫరు, అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతులు వర్తిస్తాయని వెయ్యడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. గూడెం బట్టల షాపు మీదికి ఢిల్లీ నుంచి ఎవరో దిగుతారని నేననను. కానీ ఖాతాదారుడు 1915కి ఫోను చేసి ఫిర్యాదు చెప్పొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ మీ పోస్టు స్క్రీన్‌షాటే సాక్ష్యం.

కాబట్టి 99 చీరని పోస్టులో ఇలా రాస్తాం: మొత్తం 300 చీరలు, రోజుకి వంద చొప్పున మూడు రోజులు, ఇంటికి ఒకటి, అమ్మకాలు మొదలయ్యే వేళ నుంచి గుమ్మం దగ్గర టోకెన్లు. టోకెను పద్ధతి ఎందుకంటే తోపులాట చీరల బల్ల దగ్గర మొదలవుతుంది. టోకెను చేతిలో ఉన్నవాళ్లు ఎగబడరు, లేనివాళ్లు నిలబడరు. వందో టోకెను అయిపోయిన నిమిషంలోనే బయట బోర్డు మీద, వాట్సాప్ స్టేటస్‌లో "ఈరోజు 99 చీరలు అయిపోయాయి, రేపు పదింటికి మళ్లీ" అని పెట్టాలి. నిడమర్రు నుంచి బస్సెక్కబోతున్న మనిషి అది చూసి ఆగిపోతుంది. ఆమె ఛార్జీ మిగిల్చినందుకు ఓనరుగారికి ఆ పూట ఒక బేరం తగ్గొచ్చు. మర్నాడు మాత్రం మీ స్టేటస్ చూసుకునే బయల్దేరుతుంది.

తర్వాత ఫ్లాట్ 50. చొక్కా మీద 1,200 అని చీటీ ఉంది. సగం అంటే 600. వినడానికి బావుంది. కానీ అదే చొక్కాని ఏలూరు బ్రాంచిలో రోజూ 899కి అమ్ముతుంటే, ఖాతాదారుడికి నిజంగా కలిసొచ్చింది 299 రూపాయలు, అంటే మూడో వంతు. సగం తగ్గిందన్నది చీటీ మీది మాట మాత్రమే. కొత్త బ్రాంచికి పాత ధరలంటూ ఉండవు కనుక, పోల్చడానికి ఉన్న దిక్కు పాత బ్రాంచి బిల్లే. కిందటి నెల ఏలూరులో ఏ ధరకి బిల్లు కొట్టారో తీసి చూడండి. అదే అసలు ధర. అప్పుడు పోస్టులో శాతాలు లేకుండా రాయొచ్చు: "ఏలూరు బ్రాంచిలో 899కి అమ్ముతున్న చొక్కా ఇక్కడ మూడు రోజులు 600." నా లెక్కలో ఇది ఫ్లాట్ 50 కంటే ఎక్కువమందిని రప్పిస్తుంది. గూడెంలో ప్రతి ఇంటికీ ఏలూరులో ఒక చుట్టముంటాడు, అతను వెళ్లి ధర చూసి నిజమే అని ఫోను చేస్తాడు. ఆ ఫోను ఏ ఫ్లెక్సీకీ సాటి రాదు.

ఇక్కడే ఏలూరు ఖాతాదారుల గొడవ కూడా ముందే తీర్చాలి. "గూడెంలో ఇస్తున్నారు, పాత బేరగాళ్లం మాకివ్వరా?" అని తప్పకుండా అడుగుతారు. ఇస్తారో లేదో ఓనరుగారు తేల్చాలి, తేలింది పోస్టులో ఒక వాక్యంగా ఉండాలి. రెండు చోట్లా ఇస్తే అది ప్రారంభ ఆఫరు కాదు, సీజను ఆఫరు. పేరు కూడా అలాగే పెట్టాలి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నదీ ఇదే కొలతకి నిలవాలి. 500కి అమ్మే దుప్పటికి 1,000 వేసి రెండిస్తే ఉచితం ఏదీ లేదు. ధరలోనే కలిపేసిన దాన్ని ఊరికే ఇచ్చినట్టు చూపించడం అనుచిత వ్యాపారం అని చట్టంలో ఉంది. స్కూటీ లక్కీ డ్రా అంతకన్నా ముదిరిన సంగతి. అమ్మకాలు పెంచడానికి లాటరీ, అదృష్ట పందెం పెట్టడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఊరూరా డ్రాలు జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి. డ్రా తర్వాత గెలిచినవాడు షాపువాళ్ల బావమరిదే అన్న మాట కూడా ఊరూరా వినపడుతుంది. ఓనరుగారికి ఎదురు చెప్పకుండా లెక్క చూపించండి: "బండికి దగ్గర దగ్గర లక్ష అవుతుందండి. అదే లక్షని వెయ్యి బిల్లులకి పంచితే బిల్లుకి వంద వస్తుంది. బండయితే ఒక్క ఇంటికి, వంద రూపాయలయితే వెయ్యి ఇళ్లకి." వ్యాపారం చేసేవాళ్లకి ఈ లెక్క ఇట్టే ఎక్కుతుంది.

మార్పిడి గురించి కూడా పోస్టులో ఒక మాట ఉండాలి. ఆఫరు సరుక్కి సైజు మార్చబోమని చెప్పుకోవచ్చు, అది మీ ఇష్టం. చిరుగో, రంగు పోవడమో లాంటి లోపముంటే మాత్రం "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు. బిల్లులో గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోపు వాపసు తీసుకోవాల్సిందే.

తేదీ, వేళ గురించి కొద్దిగా. ముహూర్తం వేరు, అమ్మకాలు మొదలయ్యే వేళ వేరు. 9.12కి ముహూర్తం అని మాత్రమే వేస్తే 9కే జనం వచ్చి, పూజ, రిబ్బను, ఫొటోలు అయ్యేదాకా ఎండలో నిలబడతారు. "ముహూర్తం 9.12కి, అమ్మకాలు 11 నుంచి" అని రెండూ వెయ్యండి. రేపే, ఈ శుక్రవారమే అన్న మాటలు బొమ్మ మీద వద్దు. వాట్సాప్ బొమ్మకి చావు లేదు. ఆరు నెలల తర్వాత ఎవరో ఫార్వర్డ్ చేస్తే, ఆ శుక్రవారం అదే శుక్రవారం అనుకుని ఒక కుటుంబం వచ్చేస్తుంది. తేదీ, వారం, సంవత్సరం, ఆఫరు ముగిసే రోజు బొమ్మ మీదే ఉండాలి. అడ్రసు మాత్రం బొమ్మలో ఒక్కటే ఉంటే చాలదు, కింద అక్షరాల్లో కూడా టైపు చెయ్యాలి. అప్పుడే కాపీ చేసి ఆటోవాడికో అల్లుడికో పంపగలరు. ఫోను నంబరు ఆ రోజు బిల్లింగులో కూర్చోని మనిషిది పెట్టండి. ఎత్తని నంబరు వేసేకన్నా వెయ్యకపోవడం మేలు.

ఇవన్నీ కలిపితే మన గూడెం షాపు పోస్టు ఇలా ఉంటుంది. దారి గుర్తులు ఊహించి పెట్టినవి, మీ షాపువి మీరు నడిచి చూసి వేసుకోండి.

"ఏలూరు (షాపు పేరు) వారి రెండో బ్రాంచి తాడేపల్లిగూడెంలో. (తేదీ, వారం, సంవత్సరం) ముహూర్తం ఉదయం 9.12కి, అమ్మకాలు 11 నుంచి రాత్రి 9 దాకా.

అడ్రసు: డోరు నంబరు, వీధి, తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా, 534101.

బస్సులో వచ్చేవారు: ఆర్టీసీ బస్టాండు మెయిన్ గేటు నుంచి బయటికొచ్చి ఎడమకి తిరిగి ఐదు నిమిషాలు నడిస్తే, పెట్రోలు బంకు దాటగానే అదే వైపు రెండో షట్టరు. ఏలూరు నుంచి కారులో వచ్చేవారు: గుండుగొలను దగ్గర తాడేపల్లిగూడెం దారిలోకి తిరిగి, ఊళ్లోకి వచ్చాక బస్టాండు అడగండి. రైలు దిగినవారు: ఆటోలో బస్టాండు పక్క పెట్రోలు బంకు అని చెప్పండి. నిడమర్రు వైపు వెళ్లే బస్సు బస్టాండు నుంచి సాయంత్రం (వేళ) దాకా ఉంది.

ప్రారంభ ఆఫర్లు మూడు రోజులు, (తేదీ) రాత్రి 9తో ముగింపు. 99 రూపాయలకి చీర: మొత్తం 300, రోజుకి 100, ఇంటికి ఒకటి, అమ్మకాల మొదటి రోజు 11 నుంచి, తర్వాతి రెండు రోజులు 10 నుంచి టోకెన్లు. ఏలూరులో 899కి అమ్ముతున్న చొక్కాలు 600. వెయ్యి రూపాయలు దాటిన మొదటి వెయ్యి బిల్లులకి వంద తగ్గింపు, చీర, చొక్కా ఆఫర్లకి ఇది కలవదు. ఈ ఆఫర్లు గూడెం బ్రాంచిలోనే, ఏలూరులో లేవు. సైజు మార్పిడి వారం లోపు, బిల్లు తేవాలి. స్కూలు యూనిఫారాలకి ఆఫరు లేదు."

చదివితే కాస్త పొడుగ్గానే ఉంది. అందుకే బొమ్మ మీద తేదీ, ఊరు, ఆఫర్లు, వాటి గడువు మాత్రం వేసి, మిగతాది కింద టైపు చేసి పెట్టడం. స్కూలు యూనిఫారాలకి లేదన్న చివరి ముక్క తీసేద్దామని ఓనరుగారు తప్పకుండా అంటారు, బేరం చెడుతుందని. ఉంచమనండి. జూన్‌లో ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తండ్రితో కౌంటరు దగ్గర ఆ మాట చెప్పాల్సొస్తే ఎంత సేపు పడుతుందో మీకే తెలుసు.

పంపే ముందు, గూడెం ఎన్నడూ రాని మనిషికి, ఏలూరు షాపులో కొత్తగా చేరిన కుర్రాడయినా సరే, పోస్టు ఒక్కటే చేతికిచ్చి బస్సెక్కించండి. ఫోను చెయ్యకుండా షాపుకి చేరితే పంపండి, లేకపోతే దారిలో ఎక్కడ ఆగి ఎవర్ని అడిగాడో ఆ చోట ఒక గుర్తు చేర్చి పంపండి. ఆఫరు ముగిసిన రాత్రి ఫ్లెక్సీ దించి, గ్రూపుల్లో "ప్రారంభ ఆఫర్లు ముగిశాయి, షాపు రోజూ 10 నుంచి 9 దాకా" అని అడ్రసుతో సహా మరొక పోస్టు పెట్టండి.